మారిన బండి, మారిన డ్రైవరు

గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, మాదాపూర్ రోడ్ల మీద అర్ధరాత్రి దాటాక తిరిగే కార్లలో చాలావాటికి పసుపు నంబరు ప్లేటు, ముందు అద్దం మీద ఏదో ఒక కంపెనీ స్టిక్కరు కనిపిస్తాయి. అమెరికా పగటివేళకు ఇక్కడ రాత్రంతా పనిచేసేవాళ్ళను ఇళ్ళకు చేర్చేవి ఈ క్యాబులే. మెట్రో ఆగిపోయి, సిటీ బస్సులు డిపోలకు వెళ్ళిపోయాక మియాపూర్‌లోనో ఎల్బీనగర్‌లోనో ఉండే ఉద్యోగికి కంపెనీ బండే దిక్కు.

ఉద్యోగంలో చేరేటప్పుడు హెచ్ఆర్ వాళ్ళు "క్యాబ్ ఫెసిలిటీ ఉందండీ" అంటారు. ఇంట్లో అమ్మానాన్నలు ఆ ఒక్క మాటతో ధైర్యపడతారు. అక్కడితో ఆగకుండా ఇంకో ప్రశ్న వెయ్యాలి. రోజూ వచ్చే బండి రాని రాత్రి, రోజూ వచ్చే డ్రైవరు సెలవు పెట్టిన రాత్రి, పక్కన కూర్చునే సహోద్యోగి ముందే ఇంటికి వెళ్ళిపోయిన రాత్రి మీరేం చేస్తారు? అన్నీ అనుకున్నట్టు జరిగే రోజున ఏ కంపెనీ ఏర్పాటైనా బాగానే నడుస్తుంది. అనుకున్నదాంట్లో ఏదో ఒకటి మారి, ఆ మార్పు ఎవరికీ తెలియకుండా బండి బయల్దేరినప్పుడే ప్రమాదం మొదలవుతుంది.

దీనికి మన దేశంలో బాధాకరమైన రుజువులున్నాయి. 2005 డిసెంబరులో బెంగళూరులో ఒక కాల్ సెంటర్ ఉద్యోగిని రాత్రి షిఫ్టుకి బయల్దేరి హత్యకు గురైంది. ఆ రాత్రి ఆమెను ఎక్కించుకున్నవాడు ఆమెకు కేటాయించిన డ్రైవరు కాదు. తానే వస్తున్నానని ఫోన్ చేసి వచ్చిన వేరే డ్రైవరు. 2007 నవంబరులో పుణెలో మరో బీపీఓ ఉద్యోగిని విషయంలో డ్రైవరు కంపెనీ పెట్టినవాడే, బండి కంపెనీ పంపిందే. కానీ బండిలో అతని స్నేహితుడొకడు ఉన్నాడు. ఇద్దరూ కలిసి ఆమెను చంపేశారు. రెండు కేసుల్లోనూ కోర్టులు నేరస్థులకు శిక్షలు వేశాయి. ఒకచోట డ్రైవరు మారాడు, ఇంకోచోట ఉండకూడని మనిషి బండిలో ఉన్నాడు. బండి కదలకముందే కనిపెట్టగల తేడాలివి. కనిపెట్టి ఆపే బాధ్యతను ఆ వేళకి నిద్రమత్తులో ఇంటి గేటు దగ్గర నిలబడ్డ ఉద్యోగిని ఒక్కదాని మీదే వదిలేశారు.

హైదరాబాద్‌లో జరిగింది ఇంకో రకం. 2013 అక్టోబరులో మాదాపూర్ ప్రాంతంలో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు పని ముగించుకుని, హాస్టల్‌కి వెళ్ళడానికి క్యాబ్ అనుకుని ఎక్కిన కారులో ఇద్దరు ఆమెను ఎత్తుకుపోయి అత్యాచారం చేశారు. అభయ కేసుగా పేరుపడ్డ ఆ ఘటనలో ఇద్దరికీ 2014లోనే శిక్ష పడింది. షీ టీమ్స్ మొదలైనదీ ఆ ఏడాదే. ఇక్కడ మారిన బండి అంటూ ఏమీ లేదు, అసలు ఎవరికీ లెక్కలో లేని బండి. ఐటీ కారిడార్‌లో సైబరాబాద్ పోలీసులూ కంపెనీలూ కలిసి నడిపే సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్, మహిళలకు ఉచితంగా షీ షటిల్ బస్సులు నడపడానికి కారణం ఇలాంటి ఖాళీని పూడ్చాలనే.

రాత్రి షిఫ్టుల్లో మహిళలను పెట్టుకోవడానికి చట్టం ఊరికే ఒప్పుకోదు. రాష్ట్రంలో దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం పొద్దుపోయాక ఆడవాళ్ళతో పని చేయించకూడదన్న నిబంధన నుంచి ఐటీ, ఐటీ ఆధారిత కంపెనీలకు ప్రభుత్వం మినహాయింపు ఇస్తూ వచ్చింది. ఆ మినహాయింపు షరతులతో వస్తుంది. డ్రైవర్ల వివరాలు తీసుకుని, చేర్చుకునేముందే విచారించాలి. ఏ బండి ఏ దారిన ఎవరిని ఎక్కించుకోవాలో కంపెనీ సూపర్‌వైజరే నిర్ణయించాలి. డ్రైవరునిగానీ రూటునిగానీ మార్చాల్సి వస్తే ఆయనకు ముందే తెలియాలి. ఆడవాళ్ళ ఫోన్ నంబర్లు, చిరునామాలు సంబంధంలేని వాళ్ళ చేతికి పోకూడదు. ఏ మహిళనూ అందరికంటే ముందు ఎక్కించుకోకూడదు, అందరికంటే చివర దించకూడదు. రాత్రి బండ్లకు సెక్యూరిటీ గార్డు ఉండాలి. సూపర్‌వైజర్లు అప్పుడప్పుడు చెప్పకుండా వెళ్ళి బండ్లను తనిఖీ చెయ్యాలి, బండ్ల కదలిక చూసేందుకు ఒక కంట్రోల్ రూమ్ ఉండాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర కార్మిక కోడ్ కూడా రాత్రి 7 దాటాక, ఉదయం 6 లోపు మహిళలతో పని చేయించాలంటే వాళ్ళ సమ్మతి, దాంతోపాటు భద్రత షరతులు ఉండాలంటోంది.

షరతులు చదివితే అన్నీ తెలిసిన సంగతులే అనిపిస్తాయి. వీటిలో నాకు ఎక్కువ బరువైనదిగా తోచేది, డ్రైవరు మారితే ముందే తెలియాలన్నది. మిగతావన్నీ దాని మీదే నిలబడ్డాయి. ఎలాగో ఒక మామూలు రాత్రిని తీసుకుని చూద్దాం.

ఒక ట్రిప్ షీటు కథ

నానక్‌రామ్‌గూడలో ఒక ఆఫీసు. రాత్రి ఒంటిగంటన్నరకు షిఫ్టు అయిపోతుంది. ఒకే బండిలో నలుగురు. కొండాపూర్‌లో ఒకాయన, మియాపూర్‌లో ఒకామె, నిజాంపేటలో ఒకాయన, బాచుపల్లిలో ఒకామె. ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ సాఫ్ట్‌వేర్‌లో నలుగురి ఇళ్ళు పెట్టి రూటు వెయ్యమంటే, అది దూరం చూసి వరస వేస్తుంది: కొండాపూర్, మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి. దగ్గరివాళ్ళు ముందు, దూరంవాళ్ళు తర్వాత. డీజిల్ లెక్కన సరిగ్గానే ఉంది. కానీ నిజాంపేట దాటాక బండిలో మిగిలేది డ్రైవరూ, బాచుపల్లి అమ్మాయీ. మినహాయింపు షరతు అక్కడే తప్పింది.

దీన్ని సరిదిద్దడానికి రెండు దారులున్నాయి. ఒకటి, వరస మార్చడం. మియాపూర్ నుంచి నేరుగా బాచుపల్లి రోడ్డు పట్టుకుని ముందు ఆమెను దించి, అటునుంచి వెనక్కి నిజాంపేట వచ్చి ఆయన్ను దించాలి. కొన్ని కిలోమీటర్లు ఎక్కువవుతాయి, నిజాంపేట ఆయన ఇల్లు చేరేసరికి కొంత ఆలస్యమవుతుంది. ఆయన సణిగితే సణగనివ్వండి. రెండోది ఎస్కార్ట్, అంటే బండిలో గార్డును కూర్చోబెట్టడం. అప్పుడు వరస ఎలా ఉన్నా ఫరవాలేదు, అయితే గార్డు చివరి మహిళ దిగేదాకా బండిలోనే ఉండాలి.

డెస్క్ మొదటి దారి ఎంచుకుంది అనుకుందాం. రోస్టర్ సాయంత్రం ఆరింటికి ఖరారైంది, ట్రిప్ షీటు సిద్ధమైంది, అంతా బాగుంది. రాత్రి పదకొండింటికి నిజాంపేట ఆయనకు ఇంటినుంచి ఫోనొచ్చింది. మేనేజరుకి చెప్పి బైక్ మీద వెళ్ళిపోయాడు. ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కి ఎవరూ చెప్పలేదు. ఒంటిగంటన్నరకు బండి దగ్గర ముగ్గురే ఉన్నారు. డ్రైవరు యాప్‌లో ఆయన పేరు పక్కన 'నో షో' నొక్కి బయల్దేరాడు. కొండాపూర్ అయింది, మియాపూర్ అయింది. మియాపూర్ నుంచి బాచుపల్లి దాకా ఆ అమ్మాయి ఒంటరిగా ఉంది. కాగితం మీద మాత్రం ఆమె తర్వాత దిగాల్సిన మగమనిషి ఇంకొకడు ఉన్నాడు. మర్నాడు ఎవరైనా ఆడిట్‌లో ట్రిప్ షీటు తీసి చూస్తే రూల్ పాటించినట్టే కనిపిస్తుంది.

ఇక్కడ డ్రైవరు తప్పు చెయ్యలేదు. ఆయనకు యాప్ ఏం చెబితే అదే చేశాడు. తప్పు ఏర్పాటులో ఉంది. బండి కదిలేముందు 'నో షో' పడితే సాఫ్ట్‌వేర్ మిగిలినవాళ్ళతో వరసను మళ్ళీ సరిచూసి, ఒక మహిళ ఒంటరిగా మిగిలేట్టయితే బండిని ఆపి డెస్క్‌కి చెప్పాలి. డెస్క్‌లో ఉన్న మనిషి అప్పటికప్పుడు గార్డును ఎక్కించాలి, లేదా ఆమెను అటువైపు వెళ్ళే మరో బండిలోకి మార్చాలి. ఇందుకు పది నిమిషాలు బండి నిలిచిపోతుంది. ఆ పది నిమిషాల ఆలస్యానికి వెండరుకు పెనాల్టీ వెయ్యకూడదు. పెనాల్టీ భయం ఉన్నచోట డ్రైవరైనా, డెస్క్ మనిషైనా 'ఈ ఒక్కరోజుకి వెళ్ళిపోదాం మేడమ్' అంటారు.

అందుకే హెచ్ఆర్‌ని అడగాల్సిన ప్రశ్న ఇది: "మా బండిలో ఒకరు రాకపోతే, బండి కదిలేముందు రూటు మళ్ళీ చూస్తారా? చూసేది ఎవరు? రాత్రి రెండింటికి ఆ మనిషి ఫోన్ ఎత్తుతారా?" జవాబు సూటిగా వస్తే ఏర్పాటు బాగున్నట్టు. "మా వెండర్ చూసుకుంటాడండీ" అంటే, ఆఫీసులో చూసేవాళ్ళెవరూ లేరన్నమాట.

తెల్లవారుజామున లాగిన్ అయ్యేవాళ్ళకు ఇదే లెక్క తలకిందులవుతుంది. నాలుగింటి షిఫ్టుకి బండి మొదట వెళ్ళేది అందరికంటే దూరంగా ఉన్నవాళ్ళ ఇంటికి, అంటే బాచుపల్లికే. అక్కడ మొదట ఎక్కేది మహిళ అయితే గార్డు అప్పటికే బండిలో ఉండాలి. 'గార్డు మియాపూర్‌లో ఎక్కుతాడు' అనేది ఏర్పాటు కాదు. కొన్నిచోట్ల గార్డుల కొరతవల్ల ఒకే మనిషిని రెండు బండ్లకు చూపించి, దారి మధ్యలో దించేసి ఇంకో బండిలో ఎక్కించే అలవాటు ఉంటుంది. దాన్ని పట్టుకోవడం తేలికే. గార్డు ఎక్కడ ఎక్కాడు, ఎక్కడ దిగాడు అన్నది ట్రిప్ షీటులో అతని సంతకంతో, సమయంతో ఉందో లేదో చూస్తే చాలు. చివరి డ్రాప్ తర్వాత సంతకం ఉండాలి. అన్ని సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే చోట కూర్చుని పెట్టినట్టుంటే అడగాల్సిందే.

బండి ఎక్కేముందు

ఉద్యోగి చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. అవన్నీ నిమిషంలోపు అయిపోతాయి, కానీ ఎక్కేముందే అవ్వాలి. ఎక్కాక తెలిసింది పనికిరాదు.

మొదటిది నంబరు ప్లేటు. యాప్‌లోగానీ మెసేజ్‌లోగానీ వచ్చిన నంబరును ప్లేటు మీద అక్షరం అక్షరం సరిచూడాలి. చివరి నాలుగు అంకెలు కలిసినంతమాత్రాన సరిపోదు. ఒకే చివరి నంబరుతో వేర్వేరు సిరీస్‌ల బండ్లుంటాయి, 2024 నుంచి కొత్త బండ్లకు టీజీ, పాతవాటికి టీఎస్ అని మొదలవుతుంది. ప్లేటు పసుపు రంగులో నల్ల అక్షరాలతో ఉండాలి. ఎలక్ట్రిక్ క్యాబ్ అయితే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. తెల్ల ప్లేటు కారు కంపెనీ ట్రిప్‌కి వచ్చిందంటే అది సొంత వాడకం బండి. అద్దెకు తిప్పే పర్మిట్ దానికి ఉండదు. జరగరానిది జరిగితే, సొంత వాడకానికి తీసుకున్న బీమా మీద కంపెనీ చెల్లించనని వాదించే వీలుంటుంది. అర్జెంటుకి తెచ్చిన బండి అనే సాకు వినకండి. అర్జెంటుకి తెచ్చే బండ్లలోనే ఈ తేడా ఎక్కువ కనిపిస్తుంది.

అనుమానం ఉంటే ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడవచ్చు. అది ఏ తరగతి బండి, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా, బీమా ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది. రవాణా వాహనాలకు ఫిట్‌నెస్ మొదటి ఎనిమిదేళ్ళూ రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా తీసుకోవాలి. గడువు ముగిసిన తేదీ కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కి పంపండి. గొడవ పెట్టుకోనవసరం లేదు. తేదీ వాళ్ళ ముందు ఉంటే చాలు, కాదనలేరు.

రెండోది మనిషి. మెసేజ్‌లో వచ్చిన ఫోటో, పేరు డ్రైవరు ముఖంతో కలవాలి. "అన్నా, మీ పేరేంటి?" అని అడగాలి. "మీరు రమేశ్ అన్ననేనా?" అని మనమే పేరు చెప్పి అడిగితే ఎవరైనా అవుననొచ్చు. డ్రైవరు మారితే, ఆయన ఎంత మర్యాదస్తుడిలా కనిపించినా ఎక్కకుండా డెస్క్‌కి ఫోన్ చెయ్యాలి. డెస్క్ ఆ పేరును తన వైపు నుంచి చెప్పాక, యాప్‌లో మారాకే ఎక్కాలి. డ్రైవరు ఫోన్ చేసి "నేనే వస్తున్నా మేడమ్, రోజూ వచ్చేటాయన లీవు" అంటే ఆ ఫోన్‌ను ధ్రువీకరణగా తీసుకోకూడదు. బెంగళూరులో మోసం జరిగింది ఆ ఫోన్ దగ్గరే. అసలు డ్రైవరు చేతికి ఉద్యోగి నంబరు పోకూడదు. మంచి యాప్‌లలో ఇద్దరి నంబర్లూ దాచి, మధ్యలో ఒక వేరే నంబరు ద్వారా మాట్లాడిస్తారు. మీ కంపెనీలో డ్రైవరు నేరుగా మీ నంబరుకే ఫోన్ చేస్తున్నాడంటే ఆ ఏర్పాటు లేనట్టు.

మూడోది, బండిలో ఎవరున్నారు. ముందు సీట్లో ఎవరైనా కూర్చుని ఉంటే అతను గార్డో, ట్రిప్ షీటులో పేరున్న ఉద్యోగో అయి ఉండాలి. "మా తమ్ముడు మేడమ్, దారిలో దిగిపోతాడు" అన్నప్పుడు మొహమాటపడకండి. "అన్నా, ఆయన దిగాకే నేను ఎక్కుతా" అనండి. పుణె కేసు గుర్తుంటే ఈ మాట అనడానికి సిగ్గు పడరు.

నాలుగోది తలుపు. వెనక తలుపు తెరిచినప్పుడు దాని అంచుమీద, లాక్ పక్కన చిన్న మీట ఉంటుంది. పిల్లలు తలుపు తీయకుండా ఉండేందుకు పెట్టిన చైల్డ్ లాక్ అది. అది వేసి ఉంటే లోపలినుంచి తలుపు తెరుచుకోదు. కూర్చున్నాక, బండి కదలకముందే లోపలి పిడిని ఒకసారి లాగి చూడండి. తెరుచుకుంటే మూసుకుని కూర్చోండి. తెరుచుకోకపోతే డ్రైవరుకి చెప్పి మీట తీయించండి.

ఇక ఎర్ర బటన్. 2014 డిసెంబరులో ఢిల్లీలో క్యాబ్ డ్రైవరు అత్యాచారం కేసు తర్వాత, ప్రజారవాణా వాహనాల్లో లొకేషన్ ట్రాకర్, అత్యవసర బటన్ ఉండాలని కేంద్రం 2016లో నిబంధన తెచ్చింది. 2019 నుంచి కొత్త బండ్లకు తప్పనిసరి అయింది. బటన్ ఉన్నంతమాత్రాన పనిచేస్తున్నట్టు కాదు. దాని వెనకున్న పరికరానికి కరెంటు వైరూ, సిమ్‌కార్డూ ఉంటేనే ఎవరికైనా సందేశం వెళ్తుంది. మీ అంతట మీరు నొక్కి పరీక్షించకండి. డెస్క్‌కి ముందుగా చెప్పి, వాళ్ళ సమక్షంలో ఒకసారి నొక్కించి, ఎన్ని సెకన్లకు ఎవరి ఫోన్ మోగిందో చూడమనండి. ఆ పని ఎప్పుడూ చెయ్యలేదని తెలిస్తే, మీ ఎర్ర బటన్ ఎంతవరకు నమ్మదగ్గదో మీకే అర్థమవుతుంది.

నిద్ర

రాత్రి క్యాబుల గురించి మాట్లాడినప్పుడల్లా మన ఆలోచన నేరం వైపే పోతుంది. రోజూ ఎదురయ్యే ప్రమాదం మాత్రం డ్రైవరు నిద్ర. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ తేడా లేకుండా అందరికీ ఇది ఒకటే.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం 1961 ప్రకారం డ్రైవరు పని రోజుకి ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు మించకూడదని ఉండేది. ఐదు గంటలు నడిపాక అరగంట విశ్రాంతి ఇవ్వాల్సి ఉండేది. ఆ లెక్క ఒక కంపెనీ రికార్డులో సరిగ్గానే కనిపిస్తుంది. కానీ బండి చాలాసార్లు డ్రైవరు సొంతం, దాని మీద నెలనెలా ఈఎంఐ ఉంటుంది. వెండరు ట్రిప్‌కో, కిలోమీటరుకో డబ్బులిస్తాడు. పొద్దున ఒక కంపెనీకి లాగిన్ ట్రిప్‌లు, మధ్యాహ్నం విమానాశ్రయం, రాత్రి మళ్ళీ ఇంకో కంపెనీకి లాగౌట్. ఏ ఒక్క కంపెనీ రికార్డులోనూ ఎనిమిది గంటలు దాటవు. మనిషి మాత్రం రోజంతా చక్రం మీదే ఉన్నాడు.

దీన్ని కనిపెట్టే దారి ఒకటే, మాట్లాడడం. ఎక్కగానే "అన్నా, ఎప్పటినుంచి ఉన్నారు డ్యూటీలో?" అని అడిగితే చాలామంది నిజమే చెబుతారు. రాత్రి రెండు నుంచి ఐదు దాకా శరీరం నిద్రకి ఎక్కువ లోబడుతుంది, ఎంత అలవాటున్నవాడికైనా. ఓఆర్ఆర్ లాంటి తిన్నటి రోడ్డు మీద అది ఇంకా ఎక్కువ. గుర్తులు తెలుసుకోండి. వేగం కారణం లేకుండా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బండి లేన్ గీత మీదికి జారి మళ్ళీ గబుక్కున లోపలికి వస్తుంది. తెలిసిన మలుపు దాటిపోతారు. అద్దం దించి, ముఖానికి గాలి తగిలేలా కూర్చుంటారు, పాట శబ్దం పెంచుతారు. ఈ రెండూ చేశారంటే నిద్ర వస్తోందని ఆయనకే తెలిసినట్టు. అప్పుడు "కాస్త టీ తాగుదాం అన్నా" అని వెలుతురున్న పెట్రోల్ బంకులో ఆపించండి. టీ తాగి పదిహేను, ఇరవై నిమిషాలు కునుకు తీస్తే కొంత తేరుకుంటారు. అయినా దూరం ఎక్కువుంటే డెస్క్‌ని ఇంకో బండి అడగండి. ఆయన్ను తిట్టి ఫిర్యాదు చేస్తానంటే వచ్చేవారం నుంచి ఆయన నిద్ర దాచడం నేర్చుకుంటాడు. ఫిర్యాదు చెయ్యాల్సింది గంటలు లెక్క చూడని వెండరు మీద.

దీంతోపాటు సీటు బెల్టు. వెనక సీటులోవాళ్ళు కూడా బెల్టు పెట్టుకోవాలని నిబంధన ఉంది. చాలా క్యాబుల్లో వెనక సీటుకి కొత్త కవరు తొడిగి, బెల్టు బకిల్స్ దాని కిందకి తోసేస్తారు. వేళ్ళు పెట్టి వెతికితేగానీ దొరకవు. కంపెనీ నెలకోసారి బండ్లను చూసేటప్పుడు ఈ ఒక్క విషయం చూస్తే, ఆ తనిఖీ కాగితం మీదిదా నిజమైనదా ఇట్టే తెలిసిపోతుంది.

దిగాక ఇచ్చే ఓటీపీ

ట్రిప్ ఎప్పుడు ముగిసినట్టు? చాలా యాప్‌లలో దిగేటప్పుడు ఓటీపీ చెప్పాలి, లేదా ఇంటికి చేరారా అని ఆటోమేటిక్ కాల్ వస్తే బటన్ నొక్కాలి. అక్కడికి కంట్రోల్ రూమ్ చూపు ఆ ట్రిప్ మీద నుంచి తప్పుకుంటుంది. డ్రైవరుకి తర్వాతి ట్రిప్ పడాలంటే ఇది త్వరగా ముగియాలి. అందుకని ఇంటికి ఇంకా కిలోమీటరు ఉండగానే "మేడమ్, ఓటీపీ చెప్పండి" అంటాడు. పాపం ఆలస్యమవుతోందని చాలామంది చెప్పేస్తారు. చెప్పిన క్షణం నుంచి ఆ బండి కంపెనీ లెక్కలో ఖాళీ బండి. దిగి, గేటు లోపలికి వెళ్ళాక చెప్పండి. కమ్యూనిటీ గేటు దగ్గర బండిని ఆపేసే చోట, లోపల మన బ్లాకుకి చేరేదాకా గార్డునిగానీ డ్రైవరునిగానీ ఆగమనండి. మెయిన్ రోడ్డు మీద దింపి వెళ్ళిపోవడం డ్రాప్ కాదని కంపెనీ రాతపూర్వకంగా చెప్పాలి.

లొకేషన్ షేర్ చేసేవాళ్ళు ఒక చిన్న సంగతి చూసుకోవాలి. రాత్రి రెండింటికి నిద్రపోతున్న అమ్మకి లొకేషన్ పంపితే ఆమె చూసేది పొద్దున ఆరింటికి. అదే షిఫ్టులో ఉన్న స్నేహితురాలికో, దుబాయ్‌లోనో అమెరికాలోనో మెలకువగా ఉన్న అన్నయ్యకో పంపండి. ఇంటికి ఎన్నింటికి చేరాలో కూడా రాయండి, ఆ సమయం దాటితేనే వాళ్ళకి అనుమానం వస్తుంది.

ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ లేని చోట

ఇదంతా పెద్ద కంపెనీల మాట. రాత్రి పదింటికో పదకొండింటికో మూసే డయాగ్నస్టిక్ సెంటరు, నర్సింగ్ హోమ్, హోటల్, మాల్‌లో బట్టల షాపు ఇవేవీ సాఫ్ట్‌వేర్ కొనవు. అక్కడ పనిచేసే అయిదారుగురు అమ్మాయిలు ఆటోలు పంచుకుని వెళ్తుంటారు. యజమానికి మనసుంటే ఏర్పాటు కష్టం కాదు. బండ్లున్న ఒకే ఆపరేటర్‌తో మాట్లాడుకుని, బండి ఆర్సీ, పర్మిట్, ఫిట్‌నెస్, బీమా, డ్రైవరు లైసెన్సు నకళ్ళు, పోలీసు వెరిఫికేషన్ కాగితం ఒక ఫైల్లో పెట్టాలి. పోలీసు వెరిఫికేషన్ మీద తేదీ చూడండి. అది ఆ తేదీ దాకా ఉన్న రికార్డు సంగతే చెబుతుంది, ఆ తర్వాత జరిగింది చెప్పదు. రెండు మూడేళ్ళ కిందటి కాగితం ఉంటే మళ్ళీ చేయించాలి. ఒప్పందంలో ఒక వాక్యం తప్పక రాయించాలి: చెప్పిన బండి, చెప్పిన డ్రైవరు కాకుండా వేరే ఎవరు వచ్చినా యజమాని ఫోన్‌లో ఒప్పుకున్నాకే మనుషుల్ని ఎక్కించుకోవాలి. చివరి అమ్మాయి ఇంటికి చేరిందన్న మెసేజ్ వచ్చేదాకా ఒక మనిషి ఫోన్ పట్టుకుని మేలుకుని ఉండాలి. ఆ పనిని వంతులవారీగా పంచితే, అది కూడా డ్యూటీయే కాబట్టి దానికీ జీతం ఇవ్వాలి.

అదీ లేక సొంతంగా ఆటోనో యాప్ క్యాబో ఎక్కాల్సిన రాత్రుల కోసం తెలంగాణ పోలీసులు 2024 మార్చిలో టీ-సేఫ్ అనే ఏర్పాటు తెచ్చారు. 100కి గానీ 112కి గానీ ఫోన్ చేసి 8 నొక్కితే, ప్రయాణం ముగిసేదాకా ఫోన్ ఉన్న చోటును పోలీసు వ్యవస్థ గమనిస్తుంది. అటే వెళ్తున్నానని ఆపిన తెలియని కారు ఎక్కడం కంటే, బయటే నిలబడి ఇంకో పావుగంట ఆగడం మంచిది. వీలైతే ఆఫీసు లోపలే ఆగండి.

తేడా వస్తే

బండిలో జరిగేది ఆఫీసు బయటి వ్యవహారమని చాలామంది అనుకుంటారు, మేనేజర్లు కూడా. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో, ఉద్యోగ ప్రయాణానికి యజమాని ఇచ్చే రవాణా కూడా పని ప్రదేశమే. అద్దంలో అదే పనిగా చూడడం, ఇంటికి వెళ్ళాక ఫోన్ చెయ్యడం, అసభ్యంగా మాట్లాడడం, ఇవన్నీ ఆఫీసు అంతర్గత కమిటీకి ఇవ్వదగ్గ ఫిర్యాదులే. డ్రైవరు కంపెనీ ఉద్యోగి కాదన్న సమాధానం చెల్లదు. ఆఫీసు పనిలో తారసపడే బయటివాళ్ళ నుంచి కూడా రక్షణ కల్పించడం యజమాని బాధ్యత. మహిళ పోలీసులకు ఫిర్యాదు చెయ్యాలనుకుంటే సాయం చెయ్యడమూ ఆ చట్టం ప్రకారం యజమాని పనే. కమిటీకి ఇచ్చే రాతపూర్వక ఫిర్యాదుకు గడువు ఘటన జరిగిన నాటి నుంచి మూడు నెలలు.

ఫిర్యాదు కంటే ముందు ఒక పని ఉంది. ట్రిప్ నంబరు, బండి నంబరు, సమయం, ఎక్కడ జరిగిందో అదే రాత్రి ఎవరికైనా మెసేజ్ చేసి పెట్టండి, తర్వాత తేదీల గొడవ ఉండదు. బండి జీపీఎస్ రికార్డు, లోపలి కెమెరా ఉంటే దాని వీడియో, కాల్ రికార్డులు భద్రపరచమని డెస్క్‌కి మెయిల్ రాయండి. కెమెరాల్లో పాత వీడియో మీద కొత్తది రికార్డవుతూ ఉంటుంది, కొద్దిరోజుల్లో ఆధారం చెరిగిపోతుంది. ఆ తర్వాత "ఆయన్ను మీ రూటు నుంచి తీసేశాం మేడమ్" అని చెబుతారు. అక్కడితో ఒప్పుకోకండి. ఏ రూటులోకి పంపారో, వెండరుకు ఏం రాశారో, ఆ డ్రైవరు ఇంకో కంపెనీ బండి నడుపుతున్నాడో లేదో రాతపూర్వకంగా అడగండి.